కెపాసిటర్ ఎన్ని కేవార్‌లు, రియాక్టర్ ఎంత శాతం: హార్మోనిక్స్ నిండిన నూలు మిల్లులో ఒక లెక్క

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్‌టీ కనెక్షన్‌లకు కరెంటు బిల్లు కేవీఏహెచ్ మీద వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ తగ్గితే వేరే జరిమానా అక్కర్లేదు, యూనిట్లే పెరిగిపోతాయి. అందుకే ప్రతి మిల్లులో ఒక కెపాసిటర్ ప్యానెల్ కనిపిస్తుంది. చిక్కంతా ఆ ప్యానెల్ పెట్టిన నాటి లోడు ఇప్పుడు లేకపోవడం వల్ల వచ్చింది. రింగ్ ఫ్రేమ్‌లకు, హ్యూమిడిఫికేషన్ ఫ్యాన్లకు ఒక్కొక్కటిగా మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు వచ్చి చేరాయి. ప్యానెల్ మాత్రం పాతదే. డబ్బాలు ఉబ్బుతాయి, ఫ్యూజులు పోతాయి, మార్చిన కొన్ని నెలలకే మళ్లీ అదే వరస. నింద కెపాసిటర్ నాణ్యత మీదికి వెళ్తుంది. చాలాసార్లు అసలు తప్పు మూడు నిర్ణయాల్లో ఉంటుంది: ఎన్ని కేవార్‌లు, ఎన్ని వోల్టుల కెపాసిటర్, ఎంత శాతం రియాక్టర్.

ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవి కాబట్టి ఒకే ఉదాహరణ మీద చూద్దాం. లెక్క కోసం గుంటూరు ప్రాంతంలో ఉండే తరహా మధ్యస్థాయి నూలు మిల్లును అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ 1000 కేవీఏ, 11 కేవీ నుంచి 433 వోల్టులకు, ఇంపెడెన్స్ 5 శాతం. నడిచే లోడు 600 కిలోవాట్లు. అందులో 350 కిలోవాట్లు నేరుగా లైను మీద నడిచే మోటార్లు, 250 కిలోవాట్లు చోకులు లేని డ్రైవ్‌ల మీద నడిచే మోటార్లు.

## పవర్ ఫ్యాక్టర్ ఒకటి కాదు, రెండు

మోటారు తీసుకునే కరెంటు వోల్టేజీ కంటే కాస్త వెనకబడి వస్తుంది, కానీ దాని ఆకారం నునుపైన సైన్ తరంగమే. ఈ వెనకబాటు వల్ల వచ్చేది డిస్‌ప్లేస్‌మెంట్ పవర్ ఫ్యాక్టర్. కెపాసిటర్ సరిదిద్దగలిగేది దీన్నే.

డ్రైవ్ కథ వేరు. దాని ముందున్న రెక్టిఫయర్ వోల్టేజీ శిఖరం దగ్గర మాత్రమే కరెంటును గుక్కలు గుక్కలుగా లాగుతుంది. వెనకబాటు పెద్దగా ఉండదు, ఆకారమే చెడిపోతుంది. చెడిన ఆ ఆకారాన్ని విడదీస్తే 50 హెర్ట్జ్ అసలు కరెంటుతో పాటు 250 (ఐదో హార్మోనిక్), 350 (ఏడో హార్మోనిక్), 550 హెర్ట్జ్ (పదకొండో హార్మోనిక్) కరెంట్లు బయటపడతాయి. ఇవి ఉపయోగపడే పని చేయవు, కానీ కేవీఏలో చేరతాయి. వెనకబాటునూ ఆకారపు చెడునూ కలిపి లెక్కిస్తే వచ్చేది ట్రూ పవర్ ఫ్యాక్టర్.

మన మిల్లులో మోటార్ల పవర్ ఫ్యాక్టర్ 0.72 అనుకుంటే అవి 337 కేవార్‌లు అడుగుతాయి. డ్రైవ్‌ల డిస్‌ప్లేస్‌మెంట్ 0.96 కాబట్టి అవి అడిగేది 73 మాత్రమే. మొత్తం 410 కేవార్‌లు. డిస్‌ప్లేస్‌మెంట్ పవర్ ఫ్యాక్టర్ దాదాపు 0.83. మెయిన్ ఇన్‌కమర్ దగ్గర కరెంటు వక్రీకరణ, అంటే టీహెచ్‌డీ, 25 శాతం ఉందనుకుంటే ట్రూ పవర్ ఫ్యాక్టర్ 0.80కి దిగుతుంది.

0.83, 0.80. తేడా చిన్నదే అనిపిస్తుంది. ఆ చిన్న తేడా ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి.

## 325 కావాల్సిన చోట 400

పాత పవర్ ఫ్యాక్టర్ నుంచి కొత్తదానికి వెళ్లడానికి వాడే సూత్రం అందరికీ తెలిసిందే:

```
Qc = P × (tan φ1 − tan φ2)
```

0.99 సాధించాలంటే మిల్లులో మిగలాల్సిన కేవార్‌లు 600 × 0.1425, అంటే సుమారు 85. ఇప్పుడున్నవి 410. కనుక కావాల్సిన బ్యాంకు 325 కేవార్‌లు.

మీటరు మీద కనిపించిన ట్రూ పవర్ ఫ్యాక్టర్ 0.80ని ఇదే సూత్రంలో పెడితే సమాధానం 365 వస్తుంది. మార్కెట్లో దొరికే గుండ్రని సంఖ్యకు సవరిస్తే 400. ఈ సూత్రం సైన్ తరంగాల కోసం పుట్టింది కాబట్టి ఆకారపు చెడును కూడా వెనకబాటు కిందే లెక్కగట్టింది. ఉన్న కేవార్‌లు 410 అయితే 400 పెట్టేశాం. లోడు కాస్త తగ్గితే ప్యానెల్‌లోని రిలే స్టెప్పులు, అంటే కెపాసిటర్లను ఒక్కో గుంపుగా, తియ్యాలి. ఒక కాంటాక్టర్ అతుక్కుపోయినా లీడింగ్‌లోకి, అంటే కరెంటు వోల్టేజీ కంటే ముందుండే స్థితికి, పోతాం. లీడింగ్‌ను కూడా కేవీఏహెచ్‌లో కలిపే మీటరింగ్ ఉన్నచోట అది నేరుగా డబ్బు.

అందుకే సైజింగ్‌కు బిల్లులోని సగటు పవర్ ఫ్యాక్టర్ చాలదు. ఎల్‌టీ ఇన్‌కమర్ మీద పవర్ ఎనలైజర్ పెట్టి, అన్ని షిఫ్టులూ కలిసేలా కనీసం కొన్ని రోజులు రికార్డు చేసి, 50 హెర్ట్జ్ కేవార్‌లను విడిగా చదవాలి. పాత కెపాసిటర్లు ఆన్‌లో ఉన్నప్పుడు ఒకసారి, అన్నీ తీసేశాక ఒకసారి కొలవాలి. ఈ రెండో కొలత చాలామంది వదిలేస్తారు, నిజానికి అదే ముఖ్యం. కెపాసిటర్లు లేకుండా వోల్టేజీ వక్రీకరణ ఎంతో తెలిస్తేనే డ్రైవ్‌ల వాటా ఎంత, కెపాసిటర్లు పెంచినది ఎంత అని విడదీయగలం.

## 400 కేవార్‌ల దగ్గర ఏడో హార్మోనిక్ కాచుకుని ఉంది

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ చూపే అడ్డు పెరుగుతుంది, కెపాసిటర్ చూపే అడ్డు తగ్గుతుంది. ఎక్కడో ఒకచోట రెండూ సమానమవుతాయి. అక్కడ ఆ రెండింటి మధ్య కరెంటు ఉయ్యాలలా ఊగుతుంది. ఇదే రెజొనెన్స్. డ్రైవ్ నుంచి సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ కరెంటు వస్తే, చిన్న తోపులతో ఉయ్యాల పెద్దగా ఊగినట్టు, అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ చోటు ఎక్కడుందో ఒక్క వర్గమూలం చెబుతుంది:

```
h = √(Ssc / Qc)
```

`h` అంటే ఎన్నో హార్మోనిక్, `Ssc` అంటే బస్‌బార్ దగ్గర షార్ట్ సర్క్యూట్ కేవీఏ. 1000ని 0.05తో భాగిస్తే 20,000. గ్రిడ్ వైపు ఇంపెడెన్స్ కలిపితే కొంచెం తగ్గుతుంది. 400 కేవార్‌ల బ్యాంకుకు 20,000 / 400 = 50, దాని వర్గమూలం 7.07. ఏడో హార్మోనిక్‌కు ఇంతకంటే దగ్గరగా పెట్టాలని ప్రయత్నించినా కుదరదు.

బ్యాంకు 50 కేవార్‌ల ఎనిమిది స్టెప్పులైతే, రిలే ఒక్కో స్టెప్పు కలిపేకొద్దీ ఈ బిందువు కిందికి జరుగుతూ వస్తుంది. మూడు స్టెప్పులకు 11.5, అంటే పదకొండో హార్మోనిక్ పొరుగున. ఆరుకు 8.2. ఎనిమిదికి 7.07. అందుకే పగలంతా బాగున్న ప్యానెల్ ఒక ప్రత్యేకమైన లోడు దగ్గర మాత్రమే గుర్రుమంటుంది, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేసరికి మామూలుగా ఉంటుంది.

అంకెల్లో ఎంత నష్టం? డ్రైవ్‌లు 230 ఆంపియర్ల ఐదో హార్మోనిక్, 95 ఆంపియర్ల ఏడో హార్మోనిక్ వదులుతున్నాయనుకుందాం. కెపాసిటర్లు లేనప్పుడు ఇవి బస్‌బార్ వోల్టేజీలో సుమారు 4.1 శాతం, 2.4 శాతం వక్రీకరణ కలిగిస్తాయి. ఫరవాలేదనిపించే స్థాయే. 400 కేవార్‌లు చేరాక ఐదోది రెట్టింపై 8 శాతం దాటుతుంది. ఏడోది ఎంత పెరుగుతుందనేది వైర్లలో, లోడులో ఉన్న రెసిస్టెన్స్ మీద ఆధారపడుతుంది. తక్కువగా ఐదు రెట్లే అనుకున్నా 12 శాతం. కెపాసిటర్‌లో కరెంటు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది కాబట్టి 12 శాతం ఏడో వోల్టేజీ 84 శాతం ఏడో కరెంటు అవుతుంది. ఐదోది మరో 41 శాతం. అన్నీ వర్గాలుగా కలిపితే కెపాసిటర్ కరెంటు దాని మామూలు విలువకు 1.37 రెట్లు. ఐఈసీ 60831 ప్రకారం కెపాసిటర్ నిరంతరం మోయగలగాల్సిన కరెంటు 1.3 రెట్లు. డబ్బాలు ఉబ్బడానికి నాణ్యతా లోపం అవసరమే లేదన్నమాట.

బ్యాంకును 325కి తగ్గిస్తే బిందువు 7.8కి జరుగుతుంది. 7.07 కంటే మేలే, కానీ రక్షణ కాదు. పక్క మిల్లుకూ మనకూ కలిపి ఉన్న ఫీడరు మారినా, ఒక స్టెప్పు అదనంగా పడినా మళ్లీ ఏడు దగ్గరికి వస్తుంది.

## రియాక్టర్ చేసేది ఏమిటి

డీట్యూన్డ్ రియాక్టర్ అంటే ప్రతి స్టెప్పు కెపాసిటర్‌కు సీరీస్‌లో పెట్టే ఇనుప కోరు కాయిల్. దాని శాతం, అంటే `p`, 50 హెర్ట్జ్ దగ్గర కాయిల్ అడ్డు కెపాసిటర్ అడ్డులో ఎంత భాగమో చెబుతుంది. ఈ జంటకు సొంత ఫ్రీక్వెన్సీ ఒకటి వస్తుంది:

```
fr = 50 / √p
p = 0.07   → 189 Hz
p = 0.0567 → 210 Hz
p = 0.14   → 134 Hz
```

ఆ ఫ్రీక్వెన్సీకి కింద జంట కెపాసిటర్‌లా నడుచుకుంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర కేవార్‌లు ఇస్తుంది, మనకు కావాల్సిందదే. దానికి పైన జంట కాయిల్‌లా మారిపోతుంది. 250, 350, 550 హెర్ట్జ్‌లన్నీ పైనే ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరూ కాయిలే, ఇదీ కాయిలే. రెండు కాయిల్స్ మధ్య ఉయ్యాల ఊగదు. ఎన్ని స్టెప్పులు ఆన్‌లో ఉన్నా ఈ మాట మారదు, ఎందుకంటే ప్రతి స్టెప్పుకూ తన రియాక్టర్ తనకుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. డీట్యూన్డ్ ప్యానెల్ పెట్టి, మోటార్ల దగ్గర పాత మామూలు కెపాసిటర్లను అలాగే వదిలేస్తే ఈ రక్షణ చెడుతుంది. మామూలు కెపాసిటర్ ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌తోనూ, కాయిల్‌గా మారిన మన బ్యాంకుతోనూ కలిసి కొత్త రెజొనెన్స్ సృష్టిస్తుంది. ఒకే బస్‌బార్ మీద రెండు రకాలు కలపకూడదు.

## 7, 5.67, 14: ఎవరి వాదన వారిది

మనదేశంలో ఎక్కువగా కనిపించేది 7 శాతం. 189 హెర్ట్జ్ ఐదో హార్మోనిక్‌కు తగినంత దూరం. మన మిల్లులో 7 శాతం బ్యాంకు ఐదో హార్మోనిక్‌లో సుమారు మూడో వంతును తనలోకి లాక్కుంటుంది, మిగతాది ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్తుంది.

5.67 శాతం కావాలనేవారి వాదన: ఇది ఐదోదానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దాదాపు సగం లాక్కుంటుంది, రియాక్టర్ కూడా కాస్త చిన్నది. నిజమే. కానీ లాక్కున్న ప్రతి ఆంపియరూ అదే కెపాసిటర్, అదే రియాక్టర్ మోయాలి. పైగా 250 హెర్ట్జ్ గీత దగ్గరైంది. కెపాసిటర్ వయసుతో పాటు దాని కెపాసిటెన్స్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పైకి పాకుతుంది. 7 శాతం జంట 250కి చేరాలంటే కెపాసిటెన్స్ 43 శాతం పడిపోవాలి. 5.67 శాతానికి 29 శాతం చాలు. సాధారణంగా నిర్వహణ అంతంతమాత్రంగా ఉండే చోట నా మొగ్గు 7 వైపే.

14 శాతం మూడో హార్మోనిక్ కోసం. 7 శాతం బ్యాంకు 150 హెర్ట్జ్ దగ్గర ఇంకా కెపాసిటర్‌లాగే ఉంటుంది కాబట్టి మూడోదాన్ని పెంచుతుంది. మన ఉదాహరణలో అది సుమారు 1.7 రెట్లు. త్రీ ఫేజ్ డ్రైవ్‌లు మూడోదాన్ని పెద్దగా పుట్టించవు. మూడు ఫేజుల్లో సమానంగా ఉన్న మూడోది న్యూట్రల్ లేని కెపాసిటర్ బ్యాంకులోకి రాదు కూడా. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు, సింగిల్ ఫేజ్ వెల్డింగ్ ఎక్కువై ఫేజుల మధ్య మూడోది అసమానంగా ఉన్న చోటే 14 శాతం న్యాయం. నూలు మిల్లులో కొలతలో అది కనిపిస్తే తప్ప అవసరం రాదు.

## 525 వోల్టుల కెపాసిటర్ ఎందుకు

ఎక్కువ ప్యానెళ్లు ఇక్కడే పాడవుతాయి. ఉన్న 440 వోల్టుల కెపాసిటర్లకు రియాక్టర్లు తెచ్చి తగిలించేస్తారు.

రియాక్టర్ మీద పడే వోల్టేజీ, కెపాసిటర్ మీద పడే వోల్టేజీ ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి. అందుకని రియాక్టర్ పెడితే కెపాసిటర్ మీద లైను వోల్టేజీ కంటే ఎక్కువ పడుతుంది: `U / (1 − p)`. 415 వోల్టులకు 7 శాతంతో అది 446. రాత్రిపూట లోడు తగ్గి బస్‌బార్ 433 చూపిస్తే 466. దీనికి హార్మోనిక్ వోల్టేజీలు కలుస్తాయి. 4 శాతం ఐదో హార్మోనిక్ కెపాసిటర్ మీద 1.33 రెట్లై 23 వోల్టులు, 3 శాతం ఏడోది మరో 5. శిఖరాలు ఒకచోట కలిస్తే మొత్తం 494. 440 వోల్టులదానికి ఇది 12 శాతం ఎక్కువ. 480 వోల్టులది కూడా దాటిపోయింది. 525కి మాత్రం ఊపిరాడేంత చోటు ఉంది.

ఇప్పుడు రేటింగ్. 525 వోల్టుల కెపాసిటర్‌ను 415 వోల్టుల మీద నడిపితే డబ్బా మీద రాసిన కేవార్‌లు రావు, రియాక్టర్ వల్ల కాస్త కలుస్తాయి. 50 కేవార్‌ల స్టెప్పు కావాలంటే:

```
Qn = 50 × (1 − 0.07) × (525/415)² = 74.4 kvar
```

కాబట్టి 525 వోల్టులు, 75 కేవార్‌లు అని రాసిన కెపాసిటర్ కొనాలి. దానికి 7 శాతం రియాక్టర్ సుమారు 0.82 మిల్లీహెన్రీ. ఈ స్టెప్పు 415 వోల్టుల దగ్గర 50.4 కేవార్‌లు, 70 ఆంపియర్లు ఇస్తుంది. ప్యానెల్ అమ్మే కొటేషన్‌లో '50 కేవార్' అని మాత్రమే ఉంటే అది ఏ వోల్టేజీ దగ్గరో అడిగి రాయించుకోవాలి. 525 దగ్గర 50 అయితే అసలు దక్కేది 34 మాత్రమే, పైగా 75కి సరిపడే రియాక్టర్ దానికి జతచేస్తే శాతం 7 కాదు, 4.7 అవుతుంది. అప్పుడు జంట ఫ్రీక్వెన్సీ 231, ఐదో హార్మోనిక్ గుమ్మం ముందే.

మన మిల్లుకు ఆరు 50 కేవార్ స్టెప్పులు, రెండు 25 కేవార్ స్టెప్పులు, మొత్తం 350. అవసరమైన 325 మీద ఒక చిన్న స్టెప్పు నిల్వ.

## ప్యానెల్‌లో చూడాల్సినవి

రియాక్టర్ విషయంలో అడగాల్సింది ఒక్కటే: ఎంత కరెంటు వరకు ఇండక్టెన్స్ నిలకడగా ఉంటుంది? హార్మోనిక్స్ శిఖరం దగ్గర కోరు సాచురేట్ అయితే ఇండక్టెన్స్ పడిపోతుంది, ఫ్రీక్వెన్సీ 189 నుంచి 250 వైపు ఎగబాకుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ కరెంటు, ఇంకా ఎక్కువ సాచురేషన్. మన స్టెప్పులో 50 హెర్ట్జ్ కరెంటుకు 25 శాతం ఐదోది, 8 శాతం ఏడోది కలిసే అవకాశం ఉంది. ఆర్‌ఎంఎస్ 72 ఆంపియర్లే అనిపించినా శిఖరంలో మూడూ నేరుగా కూడతాయి, 1.33 రెట్లు. లైను వోల్టేజీ పెరుగుదల కోసం ఇంకొంత వదలాలి.

రియాక్టర్లు కేవార్‌కు సుమారు 4 నుంచి 6 వాట్లు వేడి వదులుతాయి. 350 కేవార్‌ల ప్యానెల్‌లో అంటే ఒక చిన్న రూమ్ హీటర్ అంత. అందుకే రియాక్టర్లు పైన, కెపాసిటర్లు కింద, మధ్యలో గాలి దారి. మిల్లులో ఇంకో బెడద దూది దుమ్ము. ఫ్యాన్ ఫిల్టరు మీద అది తెల్లటి కంబళిలా పరుచుకుంటుంది. అది మూసుకుపోతే పైన రియాక్టర్, కింద కెపాసిటర్ రెండూ ఉడుకుతాయి. రియాక్టర్ వైండింగ్‌లో వచ్చే థర్మల్ స్విచ్‌ను అదే స్టెప్పు కాంటాక్టర్ కాయిల్‌కు సీరీస్‌లో కలపాలి. చాలా ప్యానెళ్లలో ఆ రెండు సన్నని వైర్లు చుట్టి కట్టేసి కనిపిస్తాయి.

## క్లాంప్ మీటరు చెప్పేది

ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ మీటరుతో నెలకోసారి ప్రతి స్టెప్పు మూడు ఫేజుల కరెంటూ, ఆ క్షణపు వోల్టేజీ రాసుకుంటే ప్యానెల్ ఆరోగ్యం తెలిసిపోతుంది. హార్మోనిక్స్ తక్కువున్నప్పుడు 415 వోల్టుల దగ్గర 70 రావాల్సిన చోట మూడు ఫేజుల్లోనూ 60 వచ్చిందంటే కెపాసిటెన్స్ సుమారు 14 శాతం పోయింది, జంట ఫ్రీక్వెన్సీ 204కు చేరింది. ఇంకా ప్రమాదం లేదు, కానీ ఆ కెపాసిటర్ మార్చే రోజు దగ్గరపడింది. ఒక ఫేజులో మాత్రమే తగ్గితే డబ్బా లోపలి ఎలిమెంట్ పోయింది లేదా ఫ్యూజు పోయింది. 70 రావాల్సిన చోట 85, 90 వస్తే అది కెపాసిటర్ బలం కాదు. హార్మోనిక్ కరెంటు చొరబడుతోంది, ఆ స్టెప్పును ఆపి రియాక్టర్‌ను, ఎనలైజర్‌ను చూడాలి.

## బ్యాంకు పెట్టాక మిగిలేది

కొత్త ప్యానెల్ ఆన్ చేశాక ఒక్కోసారి ఇన్‌కమర్ దగ్గర టీహెచ్‌డీ శాతం పెరిగినట్టు కనిపించి కంగారు పుడుతుంది. డ్రైవ్‌ల హార్మోనిక్ ఆంపియర్లు అలాగే ఉండి, 50 హెర్ట్జ్ కరెంటు మాత్రం 1011 నుంచి 843 ఆంపియర్లకు తగ్గితే 25 శాతం కాస్తా 30 అవుతుంది. అంటే హార్మోనిక్స్ పెరిగినట్టు కాదు, భాగహారంలో కింది సంఖ్య తగ్గింది. అందుకే శాతం కాదు, ఆంపియర్లు పోల్చాలి. మన 7 శాతం బ్యాంకు కొంత లాక్కోవడం వల్ల అది 20 శాతం దగ్గర ఆగుతుంది. అప్పుడు డిస్‌ప్లేస్‌మెంట్ 0.99 ఉన్నా ట్రూ పవర్ ఫ్యాక్టర్ 0.97.

ఆ మిగిలిన రెండు పాయింట్లను కెపాసిటర్ తేలేదు. ఇంకో 200 కేవార్‌లు కలిపితే లీడింగ్‌లోకి వెళ్లి మళ్లీ తగ్గుతుంది. డ్రైవ్‌ల ముందు లైన్ చోకులు పెడితే హార్మోనిక్స్ పుట్టిన చోటే తగ్గుతాయి, ఖర్చు తక్కువ. డ్రైవ్‌ల వాటా ఇంకా పెరుగుతుంటే యాక్టివ్ ఫిల్టర్ కావాలనేవారూ ఉన్నారు. కాటలాగుల్లో వాడుకలో ఉన్న కొలబద్ద ప్రకారం డ్రైవ్‌ల వంటి లోడు ట్రాన్స్‌ఫార్మర్ కేవీఏలో 15 శాతం లోపుంటే మామూలు కెపాసిటర్లు చాలు, 25 నుంచి 50 శాతం మధ్య డీట్యూన్డ్ బ్యాంకు, 50 దాటితే ఫిల్టర్. మన మిల్లు 26 దగ్గర ఉంది. వచ్చే ఏడాది మిగతా రింగ్ ఫ్రేమ్‌లన్నీ డ్రైవ్‌లకు మారితే మోటార్లు అడిగే 337 కేవార్‌లలో చాలా భాగం మాయమవుతుంది, డ్రైవ్‌ల వాటా 60 దాటుతుంది. అప్పుడు ఈ 350 కేవార్‌ల ప్యానెలే సైజు మించినదవుతుంది.